ఆస్తమా, పల్లీ అలర్జీ రెండూ ఉన్న పిల్లల గురించి బడికి రాసే ఉత్తరం

"మా పాపకు ఆస్తమా ఉంది, దయచేసి జాగ్రత్తగా చూసుకోగలరు" అని డైరీలో రాసి పంపితే టీచర్ గారు చదివి సంతకం పెడతారు. అంతకుమించి ఆవిడ చేయగలిగింది ఏమీ ఉండదు. నలభై మంది ఉన్న క్లాసులో పాప దగ్గుతుంటే అది జలుబు దగ్గా, ఇన్‌హేలర్ ఇవ్వాల్సిన దగ్గా అన్నది ఆ వాక్యంలో లేదు. కొందరు తల్లిదండ్రులు దీనికి పూర్తి విరుద్ధం. ఎన్నిసార్లు నెబులైజర్ పెట్టించారో, ఏ టెస్టులో ఏం వచ్చిందో మూడు పేజీలు రాస్తారు. పాప ఆయాసపడుతున్నప్పుడు మూడు పేజీలు ఎవరూ చదవరు.

బడికి కావాల్సింది ఒక్క పేజీ. ఏం కనిపిస్తే ఏం చేయాలి, ఎంతసేపు ఆగాలి, ఎవరికి ఫోన్ చేయాలి. అంతే. దాన్ని ఎలా రాయాలో ఒక ఉదాహరణతో చూద్దాం. రెండో తరగతి పాప, బరువు 22 కిలోలు, ఆస్తమా ఉంది, పల్లీలు పడవు. ఈ రెండూ కలిసి ఉన్న పాపనే తీసుకోవడానికి కారణం ఉంది. ఆస్తమా ఉన్న పిల్లలకు తిండి అలర్జీ తిరగబడితే అది ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఎక్కువ. పైగా రెండింట్లోనూ ఆయాసం ఉంటుంది కాబట్టి పక్కనున్నవాళ్లకు ఏది ఏదో తెలియదు. ఆ చిక్కు విప్పడమే ఈ ఉత్తరంలో అసలు పని.

## ముందు డాక్టర్‌తో ఒక అపాయింట్‌మెంట్

బడులు తెరిచే జూన్‌కు ముందే, మే నెలాఖరులో, పాపని చూసే పిల్లల డాక్టర్ దగ్గరికి ఈ పని మీదే వెళ్లండి. జ్వరానికి వెళ్లినప్పుడు చివర్లో అడిగితే హడావిడిగా ఏదో రాసిస్తారు. ఆయాసం వస్తే బడిలో ఎన్ని పఫ్‌లు ఇవ్వాలి, ఎంతసేపు ఆగి మళ్లీ ఇవ్వాలి, దద్దుర్లు మాత్రమే వస్తే ఏ మందు ఎంత ఇవ్వాలి, ఆటలకు ముందు ఇన్‌హేలర్ అవసరమా అన్నవి అడిగి, సంతకంతో, స్టాంపుతో రాయించుకోండి. చాలామంది డాక్టర్లు ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అని మూడు భాగాలు చేసి ప్లాన్ రాసిస్తారు. దాని జిరాక్స్ మీ ఉత్తరానికి జత చేయాలి. డాక్టర్ సంతకం లేని కాగితం చూసి మందు ఇవ్వడానికి ఏ టీచరైనా జంకుతారు. వాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే.

ఈ మార్గదర్శిలో కనిపించే పఫ్‌ల లెక్క మన ఉదాహరణలోని పాపది. మీ ఉత్తరంలో ఉండాల్సింది మీ డాక్టర్ రాసిన లెక్క.

ఇంకో ముఖ్యమైన ప్రశ్న అడ్రినలిన్ గురించి. అలర్జీ తీవ్రమై ఊపిరికి అడ్డం పడినప్పుడు, బీపీ పడిపోతున్నప్పుడు, అంటే డాక్టర్లు అనాఫిలాక్సిస్ అనే స్థితిలో, ముందుగా ఇవ్వాల్సిన మందు అదే. తొడ బయటి వైపు కండరానికి ఇంజెక్షన్ చేస్తారు. సెట్రిజిన్ లాంటి అలర్జీ మందులు దురదను, దద్దుర్లను తగ్గిస్తాయి, గొంతు వాపును ఆపలేవు. అమెరికా, బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ల పిల్లలు పెన్నులాంటి ఆటో ఇంజెక్టర్ బ్యాగులో పెట్టుకుని వెళ్తారు, అక్కడి టీచర్లకు దాన్ని వాడటం నేర్పిస్తారు. మన మందుల షాపుల్లో అది సులువుగా దొరకదు. ఇక్కడ దొరికేది చిన్న గాజు ఆంపూల్. దాన్ని విరిచి, సిరంజిలోకి మందు లాగి, సరైన మోతాదు చూసి ఇవ్వమని టీచర్‌ని అడగడం న్యాయం కాదు. బడిలో శిక్షణ ఉన్న నర్సు ఉంటే ఆమెకు ఏం అప్పగించవచ్చో డాక్టర్‌నే అడగండి. నర్సు లేకపోతే పాప అడ్రినలిన్ దగ్గరికి ఎంత త్వరగా చేరుతుందన్నదే మీ ప్లాన్.

అందుకని బడికి దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి ఒకసారి మీరే వెళ్లి కనుక్కోండి. బడి వేళల్లో క్యాజువాలిటీలో డాక్టర్ ఉంటారా, పిల్లలకు అడ్రినలిన్ ఇస్తారా అని నేరుగా అడగండి. బోర్డు పెద్దగా ఉన్నంత మాత్రాన క్యాజువాలిటీ ఉండాలని లేదు. ఉత్తరంలో మీరు రాసే ఆసుపత్రి పేరు ఇలా చూసి వచ్చినదై ఉండాలి.

## ఉత్తరం పైభాగం

పైన కుడివైపు పాప ఫోటో అంటించండి. ఆ రోజు క్లాస్ టీచర్ సెలవులో ఉండి ఇంకో టీచర్ వచ్చి ఉండవచ్చు. తర్వాత మర్యాదలు ఒక్క లైనులో ముగించి విషయంలోకి వెళ్లండి.

> గౌరవనీయులైన క్లాస్ టీచర్ గారికి, ప్రిన్సిపాల్ గారికి,
>
> మా పాప ……, 2వ తరగతి, … సెక్షన్. బరువు 22 కిలోలు (జూన్‌లో చూసినది).
> పాపకు ఆస్తమా ఉంది. పల్లీలు (వేరుశనగ, శనక్కాయలు) ఏ రూపంలో తిన్నా తీవ్రమైన అలర్జీ వస్తుంది.
> ఇన్‌హేలర్ పెట్టె: క్లాసులో టీచర్ గారి టేబుల్ సొరుగులో. తాళం వేయవద్దు.
> అమ్మ ఫోన్: …… నాన్న ఫోన్: …… ఇద్దరూ ఎత్తకపోతే బాబాయి: ……
> మాకు ఫోన్ కలవకపోయినా కింద రాసినట్టు మందు ఇవ్వడానికి, ఆసుపత్రికి తీసుకెళ్లడానికి మేము అనుమతి ఇస్తున్నాము.

బరువు ఎందుకంటే పిల్లలకు అడ్రినలిన్ మోతాదు బరువును బట్టే లెక్కిస్తారు. కిలోకు 0.01 మిల్లీగ్రాము. 22 కిలోలకు 0.22 మిల్లీగ్రాములు, అంటే ఒక మిల్లీలీటరులో 1 మిల్లీగ్రాము ఉండే ఆంపూల్‌లో నాలుగో వంతు కన్నా కొంచెం తక్కువ. ఈ లెక్క టీచర్‌కి అవసరం లేదు, బరువు చాలు. అంబులెన్స్ వాళ్లకు, క్యాజువాలిటీ డాక్టర్‌కు అది చూపిస్తే వాళ్లు వెంటనే లెక్క కట్టుకుంటారు.

చివరి లైనే అన్నిటికన్నా ముఖ్యం. అది లేకపోతే బడివాళ్లు మీ ఫోన్ కలిసేదాకా ఎదురు చూస్తూ కూర్చుంటారు. మీరేమో మీటింగ్‌లో ఫోన్ సైలెంట్‌లో పెట్టి ఉంటారు.

## ఆస్తమా భాగం

ఇక్కడ లక్షణాలన్నీ ఏకరువు పెట్టకండి. మీ పాపలో మొదట కనిపించేది ఏమిటో రాయండి. అది మీకే తెలుసు. కొందరు పిల్లలు పిల్లికూతలతో మొదలుపెడతారు. కొందరు ఊరికే పొడి దగ్గు దగ్గుతారు. కొందరు ఆడుతూ ఆడుతూ పక్కకి వెళ్లి కూర్చుంటారు, లేదా "పొట్ట నొప్పి" అంటారు.

> మొదట కనిపించేవి: ఆగకుండా పొడి దగ్గు, ఆట మధ్యలో కూర్చుండిపోవడం, ఛాతీ పట్టేసిందని చెప్పడం.
> వెంటనే చేయాల్సింది:
> 1. నిటారుగా కూర్చోబెట్టండి, పడుకోబెట్టవద్దు. ఇన్‌హేలర్‌ని పాప దగ్గరికి తెప్పించండి. పాపని ఆఫీస్ రూముకు నడిపించవద్దు.
> 2. నీలం ఇన్‌హేలర్ బాగా ఊపి, స్పేసర్‌కు బిగించి, ఒక్క పఫ్ కొట్టండి. పాప స్పేసర్‌లోంచి 4 సార్లు ఊపిరి తీసి వదలాలి. ఇలా ఒక్కొక్కటిగా మొత్తం 4 పఫ్‌లు, ప్రతిసారీ ముందు ఊపాలి.
> 3. 4 నిమిషాలు ఆగండి. తగ్గకపోతే మళ్లీ 4 పఫ్‌లు.
> 4. అయినా తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. వాళ్లు వచ్చేదాకా ప్రతి 4 నిమిషాలకు 4 పఫ్‌లు ఇస్తూనే ఉండండి.
> తగ్గినా సరే మాకు ఫోన్ చేసి చెప్పండి. ఇచ్చిన టైము, ఎన్ని పఫ్‌లో ఈ కాగితం వెనక రాయండి.

స్పేసర్ అంటే ఇన్‌హేలర్‌కు, నోటికి మధ్య పెట్టే ప్లాస్టిక్ గొట్టం. అది లేకుండా ఏడేళ్ల పిల్ల నోట్లో నేరుగా కొడితే మందు చాలావరకు నాలుక మీద, గొంతులో ఉండిపోతుంది, ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది కొంచెమే. టీచర్లు ఎక్కువగా చేసే పొరపాటు నాలుగు పఫ్‌లూ ఒకేసారి స్పేసర్‌లోకి కొట్టేయడం. అందుకే "ఒక్కొక్కటిగా" అన్న మాట కింద గీత గీయండి.

వీటి కింద ఎర్ర సిరాతో ఇంకో రెండు లైన్లు ఉండాలి.

> ఆగకుండా ఒక్క వాక్యం చెప్పలేకపోతే, ఊపిరి తీసినప్పుడు మెడ దగ్గర, పక్కటెముకల మధ్య గుంటలు పడుతుంటే, పెదవులు నీలంగా మారితే, మగతగా ఉంటే: మొదటే 108. ఫోన్ చేస్తూనే పఫ్‌లు మొదలుపెట్టండి.
> పిల్లికూతలు ఆగిపోయి పాప ఇంకా అలసిపోయినట్టు కనిపిస్తే అది తగ్గడం కాదు, ముదరడం.

ఆ రెండో లైను చాలామందికి తెలియదు. ఊపిరి గొట్టాలు బాగా మూసుకుపోతే గాలి ఆడక చప్పుడు కూడా రాదు. బయటి నుంచి చూసేవాళ్లు "హమ్మయ్య, కుదుటపడింది" అనుకుంటారు.

టీచర్‌ని ఆపేది ఇంకొకటి ఉంది. "ఆస్తమా కాకపోతే? మందు ఎక్కువైతే?" అన్న అనుమానం. దానికి ఉత్తరంలోనే జవాబు ఇవ్వండి. నీలం ఇన్‌హేలర్‌లో ఉండే సాల్బుటమాల్ వల్ల కాసేపు చేతులు వణకవచ్చు, గుండె దడదడలాడవచ్చు, ఆ తర్వాత సర్దుకుంటుంది. అవసరం లేనప్పుడు ఇస్తే జరిగే నష్టం అంతే. అవసరం ఉన్నప్పుడు ఇవ్వకపోతే జరిగేది చాలా పెద్దది. "అనుమానంగా ఉంటే ఇచ్చేయండి, మేము తప్పు పట్టం" అని మీ మాటల్లో రాయండి. ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్న అపోహ బడుల్లో ఇంకా ఉంది, దాని మీద వాదనకు దిగకండి, ఈ ఒక్క వాక్యం చాలు.

## రెండూ ఒకేలా కనిపించినప్పుడు

పల్లీ తిన్న నిమిషాల్లోనే, ఒక్కోసారి రెండు గంటల్లోపు, అలర్జీ బయటపడుతుంది. పెదవులు వాయడం, దద్దుర్లు, వాంతి, గొంతు బొంగురుపోవడం అందరూ ఊహించేవే. కానీ కొందరిలో చర్మం మీద ఏమీ కనిపించదు. లంచ్ అయ్యాక దగ్గు, ఆయాసం మాత్రమే వస్తాయి. ఆస్తమా ఉన్న పిల్ల కదా అని టీచర్ ఇన్‌హేలర్ ఇచ్చి, తగ్గుతుందని చూస్తూ ఉంటారు. ఇన్‌హేలర్ ఊపిరి గొట్టాలను కాస్త సడలిస్తుంది, అలర్జీని ఆపదు. ఈలోగా అడ్రినలిన్ అందాల్సిన సమయం గడిచిపోతుంది.

తేడా కనిపెట్టే పని టీచర్ మీద పెట్టకుండా, ఒక్క ప్రశ్న ఇవ్వండి: గత రెండు గంటల్లో ఏమైనా తిందా?

> తిన్న రెండు గంటల్లోపు హఠాత్తుగా ఆయాసం, దగ్గు, గొంతు బొంగురు, పదే పదే వాంతి, సొమ్మసిల్లడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, దద్దుర్లు లేకపోయినా, అలర్జీ అనే అనుకోండి.
> 1. 108కి ఫోన్ చేయండి. "పల్లీ అలర్జీ, అనాఫిలాక్సిస్, అడ్రినలిన్ కావాలి" అని చెప్పండి.
> 2. కింద కూర్చోబెట్టి, వీపు గోడకు ఆనించి, కాళ్లు ముందుకు చాపించండి. ఆయాసం లేకుండా కళ్లు తిరుగుతుంటే పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టండి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పండి. నిలబెట్టవద్దు, నడిపించవద్దు.
> 3. ఆయాసం ఉంటే 4 పఫ్‌లు ఇవ్వండి, కానీ ఫోన్ చేశాకే.
> 4. అంబులెన్స్ ఆలస్యమయ్యేలా ఉంటే స్కూల్ వ్యాన్‌లో …… ఆసుపత్రి క్యాజువాలిటీకి ఎత్తుకుని తీసుకెళ్లండి. ఈ కాగితం వెంట ఉండాలి.
>
> దద్దుర్లు, దురద మాత్రమే ఉంటే: పెట్టెలోని అలర్జీ మందు, డాక్టర్ రాసినంత. మాకు ఫోన్. తర్వాత రెండు గంటలు పాపని ఒంటరిగా వదలవద్దు, బాత్రూముకు కూడా.

మీ పిల్లకు డాక్టర్ ఆటో ఇంజెక్టర్ రాసి, అది మీ దగ్గర ఉంటే, 108 కన్నా ముందు దాన్ని వాడమని రాయాలి. అప్పుడు క్రమం ఇంజెక్షన్, ఫోన్, ఆ తర్వాత ఇన్‌హేలర్.

నడిపించవద్దు అన్నది ఎందుకంటే, బీపీ పడిపోతున్న మనిషి హఠాత్తుగా లేచి నిలబడితే గుండెకు రక్తం చాలదు. "లే అమ్మా, వ్యాన్ దాకా నడు" అనడం ఎవరికైనా సహజంగా వస్తుంది. అందుకే "ఎత్తుకుని" అన్న మాట ఉత్తరంలో ఉంది. ఆసుపత్రిలో అడ్రినలిన్ ఇచ్చాక పాప తేలిగ్గా లేచి కూర్చున్నా వెంటనే వెనక్కి తేకూడదు. కొన్ని గంటల తర్వాత అలర్జీ మళ్లీ తిరగబడవచ్చు కాబట్టి డాక్టర్లు గమనింపులో ఉంచుతారు.

## తిండి సంగతి

"పల్లీలు పెట్టవద్దు" అంటే టీచర్లకు ఉడికించిన పల్లీలు, చిక్కీ గుర్తొస్తాయి. మన వంటల్లో పల్లీ కనిపించకుండా దాక్కునే చోట్లు చాలా ఉన్నాయి. ఇడ్లీలోకి చేసిన చట్నీ, గుత్తివంకాయ మసాలా, మిర్చీకా సాలన్, కూరల్లో చల్లే పొడి, పులిహోర. కట్టెగానుగ పల్లీ నూనెలో కూడా అలర్జీ తెప్పించే ప్రొటీన్ మిగిలి ఉండవచ్చు. వీటిలో మూడు నాలుగు పేర్లు ఉత్తరంలో రాయండి. ప్రభుత్వ బడి అయితే ఆంధ్రప్రదేశ్ మధ్యాహ్న భోజనంలో పిల్లలకు పల్లీ చిక్కీ ఇస్తారు, కాబట్టి ఒక కాపీ వంట చేసేవాళ్లకు తెలుగులో అందాలి.

నిజానికి మెనూ కన్నా పుట్టినరోజులే చిక్కు. ఎవరో పిల్లాడు క్లాసంతా చాక్లెట్లు పంచుతాడు, రేపర్ మీద ఏముందో చదివే తీరిక ఎవరికీ ఉండదు. మా సలహా ఏమిటంటే పాపకు పడే చాక్లెట్లు ఒక డబ్బాలో వేసి టీచర్ దగ్గర ఉంచండి. "బయటివాళ్లు ఏది పంచినా పాప దాన్ని ఇంటికి తెచ్చుకుంటుంది, బదులుగా ఈ డబ్బాలోది ఒకటి ఇవ్వండి" అని రాయండి. పాప చేతులు ఖాళీగా ఉండవు, టీచర్‌కి రేపర్ చదివే బాధ ఉండదు. ప్రసాదానికీ ఇదే నియమం. క్లాసంతా పల్లీలు మానేయాలని మాత్రం అడగకండి. సాధ్యం కాదు, పైగా మిగతా తల్లులకు మీ పాప మీద విసుగు పుడుతుంది. టిఫిన్ బాక్సులు మార్చుకోకుండా చూడటం, తిన్నాక అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవడం అడగవచ్చు. శానిటైజర్ పల్లీ ప్రొటీన్‌ను పోగొట్టదు.

ఆస్తమాను రేపే వాటిలో బడి మార్చగలిగినవే రాయండి. పిల్లలు క్లాసులో ఉండగా ఊడవకపోవడం, బోర్డు తుడిచేటప్పుడు పాపని ముందు బెంచీలో కూర్చోబెట్టకపోవడం, దోమల మందు పొగ కొట్టిన రోజు కిటికీలు మూయడం. ఆటలు మాన్పించమని రాయవద్దు. డాక్టర్ చెప్పి ఉంటే పీటీ పీరియడ్‌కు పావుగంట ముందు 2 పఫ్‌లు ఇచ్చి, మెల్లగా మొదలుపెట్టించమని రాయండి.

## పెట్టె, దాన్ని అప్పగించడం

పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. అందులో నీలం ఇన్‌హేలర్, స్పేసర్, అలర్జీ మందు, ఉత్తరం కాపీ పెట్టండి. ప్రతిదాని మీద పాప పేరు, ఎక్స్‌పైరీ తేదీ పెద్ద అక్షరాలతో రాయండి. రోజూ ఇంట్లో వాడే కంట్రోలర్ ఇన్‌హేలర్ బడికి పంపకండి. అది వచ్చిన ఆయాసాన్ని తగ్గించేది కాదు, కంగారులో టీచర్ చేతికి అదే రావచ్చు.

ఇన్‌హేలర్‌ను ఊపి "ఇంకా ఉంది" అనుకోవడం నమ్మదగ్గ పద్ధతి కాదు. మందు అయిపోయాక కూడా గ్యాస్ మిగిలి ఉండి పఫ్ వస్తుంది, చప్పుడూ వస్తుంది. అంకెలు చూపించే కౌంటర్ ఉన్నది కొనండి. కొన్నాళ్లు వాడని ఇన్‌హేలర్ నుంచి మొదటి పఫ్‌లో మందు సరిగ్గా రాకపోవచ్చు, దాన్ని గాలిలోకి కొట్టమని ఉత్తరంలో చేర్చండి. డబ్బా ఎండ తగిలే కిటికీ దగ్గర, బస్సు డ్యాష్‌బోర్డు మీద ఉండకూడదు. పాప వ్యాన్‌లో వెళ్తుంటే బ్యాగులో ఇంకో ఇన్‌హేలర్, స్పేసర్ ఉండాలి, వ్యాన్ అన్నకు, ఆయాకు అది ఏ జేబులో ఉందో తెలియాలి. ఇంగ్లీష్ మీడియం బడికైనా తెలుగు కాపీ ఇవ్వమనేది వీళ్ల కోసమే.

ఉత్తరాన్ని పాప చేతికిచ్చి పంపకండి. బడి తెరిచిన మొదటి వారంలో ఒక పావుగంట అడిగి, క్లాస్ టీచర్, పీటీ సార్, ఆఫీసులో ఒకరు ఉండగా డబ్బా తెరిచి చూపించండి. తర్వాత స్పేసర్ వాళ్ల చేతికే ఇచ్చి, ఉత్తరం చదువుతూ చేసి చూపించమనండి. ఎక్కడ తడబడితే అక్కడ మీ వాక్యం సరిగ్గా లేదని అర్థం. ఆ రాత్రే దాన్ని తిరగరాసి మర్నాడు కొత్త కాపీ ఇవ్వండి. కాపీలు క్లాసులో, ఆఫీసులో, వ్యాన్‌లో ఉండాలి. నోటీసు బోర్డు మీద అంటించవద్దని చెప్పండి. పాప జబ్బు బడి మొత్తానికి తెలియాల్సిన పని లేదు.

చివర మీ సంతకం, తేదీ, "ఈ ఉత్తరం … వరకు చెల్లుతుంది" అన్న లైను, కింద బడి తరఫున అందుకున్నవాళ్ల సంతకం. దసరా సెలవుల తర్వాత, సంక్రాంతి సెలవుల తర్వాత ఎక్స్‌పైరీ, కౌంటర్ చూసి రండి. చలికాలం ఉదయాల్లో ఆయాసం ఎక్కువయ్యే పిల్లలకు సంక్రాంతి కన్నా ముందే చూడాలి. బరువు మారినా, డాక్టర్ మందు మార్చినా, ఒకసారి ఆసుపత్రి దాకా వెళ్లాల్సి వచ్చినా పాత కాపీలన్నీ వెనక్కి తీసుకుని కొత్తవి ఇవ్వండి. రెండు రకాల లెక్కలున్న రెండు కాగితాలు ఒకే బడిలో ఉండకూడదు.